ఆల్ట్ టెక్స్ట్‌లో కుక్కిన కీవర్డులు ఎవరి కోసం?

తిరుపతి, శ్రీకాళహస్తి చుట్టుపక్కల చిన్న షాపుల వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. చీరలమ్మేవాళ్లు, మాధవమాల కొయ్య బొమ్మలవాళ్లు, మామిడి తాండ్ర పంపించేవాళ్లు, ఎవరిది తెరిచినా ఫొటోల వెనక ఒకటే గోల. ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కితే కోడ్‌లో ఆల్ట్ అని ఒక మాట కనిపిస్తుంది కదా, దాని పక్కన ఊరి పేరు, సరుకు పేరు, "బెస్ట్", "ఆన్‌లైన్", "ప్రైస్", మళ్లీ ఊరి పేరు. ఈ కీవర్డులు పెట్టినవాళ్లు ఎవరంటే, నెలకింత అని డబ్బులు తీసుకుని సైట్‌ని గూగుల్‌లో పైకి తెస్తామని చెప్పిన మనుషులు. షాపు ఓనర్‌కి ఆ మాటలు ఎప్పటికీ కనపడవు. కనపడే కస్టమర్ ఒక్కడే, చూపు లేని కస్టమర్, స్క్రీన్ రీడర్ వాటిని పొల్లు పోకుండా అతనికి చదివి వినిపిస్తుంది.

నా వాదన ఒకటే. ఆల్ట్ టెక్స్ట్ అనేది ఫొటో లేనప్పుడు ఫొటో చేయాల్సిన పని చేసే వాక్యం. ఆ పని బాగా చేస్తే సెర్చ్‌కి కావాల్సిన మాటలు వాటంతటవే అందులోకి వచ్చేస్తాయి. ఆ పని వదిలేసి మాటలే పెడితే రెండూ పోతాయి. ఇది నీతి కబురు కాదు, ఒక పేజీ తీసుకుని చూపిస్తాను.

శ్రీకాళహస్తి కలంకారీ చీరలమ్మే ఒక షాపు. ఓనర్ పెద్దాయన, పేరెందుకులే. సైట్ తెలుగులో ఉంది. ఒక పట్టు చీర పేజీలో పెద్ద ఫొటో కోడ్ ఇట్లా ఉండింది:

```html
<img src="IMG-20240812-WA0031.jpg"
 alt="kalamkari saree, kalamkari sarees online,
 best kalamkari saree tirupati, pedana kalamkari,
 machilipatnam kalamkari, kalamkari saree price">
```

ఫైల్ పేరు చూస్తేనే తెలిసిపోతుంది, ఫొటో వాట్సాప్‌లో వచ్చింది, వచ్చినట్టే ఎక్కించేశారు. సరే, దాని సంగతి తర్వాత. ముందు ఆల్ట్. ఇందులో ఆరు ముక్కలున్నాయి, ఆ ఆరింటిలో ఒక్కటి కూడా ఈ చీర గురించి చెప్పడం లేదు. రంగు లేదు, పల్లూలో ఏముందో లేదు. దుకాణంలో ఉన్న ఏ చీరకైనా ఇదే ఆల్ట్ పెట్టొచ్చు, నిజానికి అట్లాగే పెట్టారు, సైట్‌లో ప్రతి చీరకీ అదే వరస కాపీ చేసి ఉంది. గూగుల్ బొమ్మల వెతుకులాటలో ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ తేడా చెప్పడానికి ఉన్న ఒక అవకాశాన్ని అన్నింటికీ ఒకేలా చేసి పారేసినట్టు.

ఇంకో ఘోరం ఉంది. పెడన, మచిలీపట్నం పేర్లు ఎందుకు పెట్టారు? అక్కడిది అచ్చు కలంకారీ, చెక్క అచ్చులు రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు. శ్రీకాళహస్తిది కలంతో చేత్తో గీసేది. రెండూ వేర్వేరు పనితనాలు, రెండింటికీ వేర్వేరుగా జీఐ అనే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అచ్చు కలంకారీ గుడ్డ కోసం వెతికే మనిషి ఆ మాటల వల్ల ఈ పేజీకి వచ్చాడే అనుకుందాం, చేతి గీత పట్టు చీర ధర చూసి వెంటనే వెనక్కి పోతాడు. వాడు రావడం వల్ల షాపుకి ఏం ఒరిగింది? ఈ మాట పెద్దాయనకి చెప్తే ఆయన అన్నది ఇది: "అది కాదబ్బా, ఎవురో ఒకరు వస్తారు కదా, యాడో ఒక చోట పేరుంటే మంచిది కదా." ఈ "యాడో ఒక చోట" అనేదే అసలు జబ్బు. మాటలు కనపడే చోట పెడితే పేజీ అసహ్యంగా ఉంటుందని తెలుసు, అందుకే కనపడని చోట తోసేస్తారు.

గూగుల్ దీని గురించి దాపరికం లేకుండానే రాసి పెట్టింది. బొమ్మలో ఏముందో తెలుసుకోవడానికి ఆల్ట్ టెక్స్ట్‌నీ, బొమ్మని చూసి గుర్తుపట్టే తన సొంత సాంకేతికతనీ, పేజీలో ఉన్న మాటల్నీ కలిపి వాడతానని చెప్తుంది. ఆల్ట్‌లో కీవర్డులు నింపితే చదివేవాళ్లకి చెడ్డ అనుభవం అవుతుందనీ, సైట్‌ని స్పామ్‌గా చూసే ప్రమాదం ఉందనీ అదే గైడ్‌లో ఉంది. ఆ మూడింటినీ కలిపి చూస్తుందన్న మాట దగ్గర కాస్త ఆగండి. బొమ్మలో ఉన్నది ఎర్ర అంచు పట్టు చీర అని అది తానే గుర్తుపడుతుంది, పేజీ అంతా కలం పని గురించే ఉంది, ఆల్ట్ మాత్రం మచిలీపట్నం అంటోంది. మూడు సాక్ష్యాల్లో ఒకటి అబద్ధమాడితే దాని మాటకి విలువేముంటుంది?

మరి ఏం రాయాలి? నేను చేసే పద్ధతి చాలా మామూలుది. ఈ పేజీని ఫోన్‌లో ఒక చుట్టానికి చదివి వినిపిస్తున్నాను అనుకుంటాను. పేరు, ధర, వివరం చదువుతూ వస్తాను, మధ్యలో ఫొటో వచ్చింది. "ఇక్కడ ఫొటో ఉందత్తా" అని ఊరుకోను కదా, "మీగడ రంగు చీర, నిండా పూల తీగలు, పల్లూలో రెండు నెమళ్లు ఎదురెదురుగా ఉన్నాయి, అంచు ఎరుపు" అంటాను. అంతే, అదే ఆల్ట్. పెద్ద ఫొటోకి చివరికి పెట్టింది ఇది:

```html
<img src="kalamkari-silk-saree-peacock-pallu.jpg"
 alt="మీగడ రంగు కలంకారీ పట్టు చీర, నిండా పూల తీగలు,
 పల్లూలో ఎదురెదురుగా రెండు నెమళ్లు, ఎర్ర అంచు">
```

కీవర్డు ఉందా? ఉంది, కలంకారీ పట్టు చీర అని ఒకసారి, వాక్యంలో ఎక్కడ రావాలో అక్కడే. దానితో పాటు నెమలి, పల్లూ, మీగడ రంగు, ఎర్ర అంచు కూడా వచ్చాయి. జనం బొమ్మల్లో వెతికేది ఇట్లాగే, "నెమలి పల్లూ కలంకారీ చీర" అనో, "ఎర్ర అంచు" అనో. "బెస్ట్" అని కొట్టి బొమ్మలు చూసేవాళ్లు ఎవరైనా ఉన్నా, ఆల్ట్‌లో బెస్ట్ అని రాసుకున్నంత మాత్రాన ఏ షాపూ బెస్ట్ కాదు.

"ఫొటో", "చిత్రం" అనే మాటతో ఆల్ట్ మొదలుపెట్టాల్సిన పని లేదు. ఇది బొమ్మ అని స్క్రీన్ రీడర్ ముందే చెప్తుంది. పొడవు గురించి 125 అక్షరాలు దాటకూడదని ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది, హెచ్‌టీఎంఎల్‌లో గానీ, అందరికీ అందేలా సైట్లు ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ నియమాల్లో గానీ అట్లాంటి హద్దేమీ లేదు. ఒక వాక్యంలో చెప్పగలిగితే మంచిది, చెప్పలేకపోతే ఆ వివరం పేజీలోనే రాయాలి.

"చేనేత", "సహజ రంగులు", "ఒరిజినల్" లాంటి మాటలు కూడా ఆల్ట్‌లో పెట్టమని అడుగుతారు. నేను పెట్టను. సహజ రంగు అన్నది ఫొటోలో కనపడే విషయం కాదు. గుడ్డని కరక్కాయ, పాల మిశ్రమంలో నానబెట్టారనీ, నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన కసిం వాడారనీ చెప్పాలంటే దానికి ఒక పేరా కావాలి, అది అందరికీ కనపడేలా పేజీలో ఉండాలి. కనపడే చోట రాస్తే కొనేవాడు చదువుతాడు, నమ్ముతాడు, సెర్చ్ కూడా చదువుతుంది. అదే మాట ఆల్ట్‌లో దాస్తే కొనేవాడికి తెలియదు.

ఇక రెండో ఫొటో. పల్లూని దగ్గరగా తీసింది. పాత సైట్‌లో దీనికీ అదే ఆల్ట్. ఇక్కడ "కలంకారీ పట్టు చీర" అని మళ్లీ చెప్పాల్సిన అవసరం ఉందా అన్నది ఆలోచించాలి. ఈ ఫొటో ఎందుకు పెట్టారు? చేత్తో గీసిందో, ప్రింటో కొనేవాడికి తేల్చి చెప్పడానికి. కలంతో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పోతుంది, రెండు నెమళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చుగుద్దినట్టు ఉండవు. కాబట్టి ఆల్ట్ "పల్లూ దగ్గరగా: నెమలి ఈకల నల్ల గీతలు లావు సన్నాలుగా, రెండు నెమళ్ల ఈకల మధ్య తేడా తెలుస్తోంది" అని పెట్టాం. ఫొటో ఎందుకుందో తెలిస్తే ఆల్ట్ రాయడం రెండు నిమిషాల పని. ఎందుకుందో తెలియకపోతే ఆ ఫొటో అక్కడ ఉండాలా అని అడగడం మంచిది.

మూడో ఫొటోలో ఒక చేయి కలం పట్టుకుని గీస్తోంది. వెదురు పుల్లకి ఉన్ని గుడ్డ చుట్టి, దారంతో కట్టి, రంగులో ముంచి, వేళ్లతో నొక్కుతూ గీస్తారు, అది పక్కనే ఉన్న పేరాలో మొత్తం రాసి ఉంది. అట్లాంటప్పుడు ఆల్ట్‌లో మళ్లీ కథ చెప్పకూడదు. "పరిచిన గుడ్డ మీద ఉన్ని చుట్టిన వెదురు కలంతో నల్ల గీత గీస్తున్న చేయి" చాలు. ఇదే ఫొటో ఆ షాపు "మా గురించి" పేజీలో పెడితే ఆల్ట్ వేరేగా ఉండొచ్చు, అక్కడ ఆ చేయి ఎవరిది అన్నదే ముఖ్యం కావచ్చు. ఫొటో ఒకటే కదా అని ఆల్ట్ కూడా ఒకటే ఉండాలనేం లేదు.

తర్వాత పేజీలో ఉన్న చిల్లర బొమ్మలు. వీటి దగ్గరే కీవర్డులు మరీ అన్యాయంగా వాడతారు. వేరే రంగు చీరకి వెళ్లడానికి చిన్న గుండ్రటి బొమ్మలున్నాయి, వాటికి "నీలం", "ఆకుపచ్చ" అంతే, ఎందుకంటే అవి లింకులు, నొక్కితే ఎక్కడికి పోతామో చెప్పాలి. బొమ్మే లింక్ అయినప్పుడు దాని ఆల్ట్‌ని గూగుల్ కూడా లింక్ మాటలుగా తీసుకుంటుంది. వాట్సాప్ గుర్తుకి "వాట్సాప్‌లో అడగండి". పేరాల మధ్య అందం కోసం పెట్టిన తీగ బొమ్మకి ఏమీ ఉండకూడదు, అయితే ఆల్ట్ తీసేయడం వేరు, ఖాళీగా పెట్టడం వేరు. `alt=""` అని పెడితే స్క్రీన్ రీడర్ దాన్ని దాటేస్తుంది. అసలు ఆల్ట్ లేకపోతే చాలాసార్లు ఫైల్ పేరు చదవడం మొదలుపెడుతుంది, "ఐఎమ్‌జీ రెండు సున్నా రెండు నాలుగు" అని, లింకుల్లో ఉన్న బొమ్మలకైతే మరీను. ఆ తీగకి కూడా "తిరుపతి కలంకారీ షాపు" అని పెట్టిన సైట్లు చూశాను. పేజీలో ఎన్నిచోట్ల తీగ ఉంటే అన్నిసార్లు ఆ మాట వినపడుతుంది.

కొంచెం చిక్కు ఉన్నది చీరలన్నీ వరసగా చూపించే పేజీలో. అక్కడ ఒక్కో చీరకి చిన్న ఫొటో, కింద పేరు, రెండూ కలిపి ఒకే లింక్. ఆల్ట్‌లో పేరే మళ్లీ పెడితే "నెమలి పల్లూ కలంకారీ పట్టు చీర, నెమలి పల్లూ కలంకారీ పట్టు చీర" అని రెండేసి సార్లు వినిపిస్తుంది, అట్లా ముప్పై చీరలు. వినేవాడికి టెన్షన్ రాదా? అందుకని అక్కడ ఫొటోకి ఖాళీ ఆల్ట్ పెట్టమంటాను. అప్పుడు వెంటనే వచ్చే ప్రశ్న, ఖాళీగా పెడితే సెర్చ్‌లో పోదా అని. చిన్న ఫొటోకి పోవచ్చు, కానీ మనకి కావాల్సింది కస్టమర్ ఆ చీర పేజీకే రావడం, అక్కడ పెద్ద ఫొటోకి పూర్తి ఆల్ట్ ఉంది, చుట్టూ వివరం ఉంది. వరస పేజీలో పేరు ఫొటోని సరిగ్గా చెప్పకపోతే, అంటే చీర పేరు "కేకే 114" అని నంబరు మాత్రమే ఉంటే, అప్పుడు ఆల్ట్ కావాల్సిందే. అయినా అప్పుడు మార్చాల్సింది ఆ పేరునే అంటాను నేను.

ఫైల్ పేర్ల దగ్గరకి వద్దాం. దీని గురించి జనం పడే హైరానా చూస్తే నవ్వొస్తుంది. ఫైల్ పేరు బొమ్మ గురించి చాలా తేలికపాటి ఆధారం మాత్రమే ఇస్తుందని గూగుల్ తానే చెప్తుంది. అంటే పేరు బాగుంటే కాస్త మేలు, అంతకుమించి ఏమీ లేదు. చిన్న అక్షరాలు, మాటల మధ్య హైఫన్, మూడు నుంచి ఐదు మాటలు, ఇది చాలు. అండర్‌స్కోర్ కంటే హైఫన్ మంచిదని గూగుల్ సలహా. ఖాళీ వదిలితే అడ్రసులో `%20` వచ్చి చేరుతుంది. పెద్దక్షరాలు ఎందుకొద్దంటే, చాలా సర్వర్లలో `Saree.jpg` వేరు, `saree.jpg` వేరు, మన కంప్యూటర్‌లో కనపడిన ఫొటో సైట్‌లో ఎగిరిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే.

తెలుగులో ఫైల్ పేరు పెట్టొచ్చా? పెట్టొచ్చు, పని చేస్తుంది, సైట్ ఏ భాషలో ఉంటే ఫైల్ పేర్లు కూడా ఆ భాషలోకి మార్చమనే గూగుల్ అంటుంది, ఎన్‌కోడింగ్ జాగ్రత్త అని ఒక మాట కలుపుతుంది. ఆ జాగ్రత్త ఎందుకో ఇది చూస్తే అర్థమవుతుంది. `కలంకారీ.jpg` అని పెట్టిన ఫైల్ అడ్రస్ కాపీ చేసి ఎక్కడైనా పేస్ట్ చేస్తే చాలాసార్లు ఇట్లా వస్తుంది:

```text
%E0%B0%95%E0%B0%B2%E0%B0%82%E0%B0%95%E0%B0%BE%E0%B0%B0%E0%B1%80.jpg
```

తెలుగులో ఒక్కో అక్షర గుర్తుకి మూడు బైట్లు, ఒక్కో బైట్‌కి ఇక్కడ మూడు గుర్తులు, అంటే ఒక్క "క" తొమ్మిది గుర్తులవుతుంది. ఏడు గుర్తుల "కలంకారీ" అరవై మూడు. సైట్‌ని ఒక హోస్టింగ్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు జిప్ చేసి విప్పితే ఇట్లాంటి పేర్లు ఒక్కోసారి పాడవుతాయి కూడా. ఇచ్చేదే తేలికపాటి ఆధారం, దాని కోసం ఈ తలనొప్పి దేనికి? అందుకే ఆల్ట్ తెలుగులో, ఫైల్ పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో అన్నది నా పద్ధతి. స్పెల్లింగ్ ఏదో ఒకటి పట్టుకోండి, `kalamkari` అంటే సైట్ మొత్తం అదే. `kalamkari-kalankari-qalamkari-saree.jpg` అని అన్నీ కలిపి పెట్టడం ఫైల్ పేరులో కీవర్డులు కుక్కడమే.

పాత ఫొటోల పేర్లన్నీ మార్చేద్దామని మాత్రం కూర్చోకండి. పేరు మారితే అడ్రస్ మారుతుంది, గూగుల్‌కి అది కొత్త ఫొటో, మళ్లీ వచ్చి చూసి చేర్చుకునే దాకా టైం పడుతుంది, పాత అడ్రస్ నుంచి కొత్తదానికి దారి మళ్లించకపోతే అప్పటిదాకా ఉన్నది కూడా పోతుంది. `IMG-20240812-WA0031.jpg` ఇప్పటికే బొమ్మల సెర్చ్‌లో కనపడుతూ ఉంటే దాని జోలికి పోవద్దు, ఆల్ట్ ఒక్కటి మార్చండి. పెద్దాయన చీర ఫొటో పేరు ఎందుకు మార్చామంటే, వాట్సాప్ నలిపేసిన ఆ ఫొటో మసకగా ఉంది, కెమెరాతో మళ్లీ తీసి కొత్తగా ఎక్కించాం, ఎట్లాగూ అడ్రస్ కొత్తదే.

ఈ పనంతా చేస్తే ఏమొస్తుంది, ఏం రాదు అన్నది కూడా ముందే చెప్పాలి, లేకపోతే ఓనర్‌లు మనల్ని ఆడిపోసుకుంటారు. దర్శనానికి వచ్చినవాళ్లు రూమ్‌లో కూర్చుని ఫోన్‌లో "దగ్గర్లో కలంకారీ షాపు" అని వెతికితే వచ్చేది మ్యాప్, అక్కడ పని చేసేది షాపు బిజినెస్ ప్రొఫైల్, దూరం, రివ్యూలు. ఆల్ట్‌లో తిరుపతి అని పది సార్లు రాసినా దానికి సంబంధం లేదు. ఆల్ట్ ముఖ్యంగా పని చేసేది బొమ్మల సెర్చ్‌లో. చూడాలంటే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, సెర్చ్ టైప్ ఇమేజ్ అని మార్చి, ఏ మాటలతో ఏ పేజీకి వస్తున్నారో చూడండి. నెమలి, పల్లూ, అంచు లాంటి మాటలు కనపడటం మొదలైతే వాక్యాలు పని చేస్తున్నట్టు. రెండు మూడు నెలలు ఆగి, మార్చక ముందు అంతే రోజులతో పోల్చండి, పండగ నెలల్ని మామూలు నెలలతో పోల్చితే లెక్క తప్పుతుంది. ఇంకోటి, సైట్ టెంప్లేట్‌లో ఫొటోలు సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి ఉంటే గూగుల్ వాటిని బొమ్మలుగా చేర్చుకోదు, వాటికి ఆల్ట్ పెట్టే చోటే ఉండదు.

పండగ ఆఫర్ పోస్టర్ల గురించి ఒక మాట. ధర, తేదీ, ఫోన్ నంబర్ అన్నీ బొమ్మలోనే రాసి ఎక్కిస్తారు, తర్వాత అదంతా ఆల్ట్‌లో దించమంటారు. వద్దు. ఆ వివరాలు పేజీలో మామూలు అక్షరాల్లో రాయండి, ఫోన్ నంబర్ నొక్కితే కాల్ వెళ్లేలా పెట్టండి, పోస్టర్ ఆల్ట్‌కి "సంక్రాంతి ఆఫర్ పోస్టర్, వివరాలు కింద" అంటే సరిపోతుంది.

ఆల్ట్ తెలుగులో రాసేవాళ్లు టెంప్లేట్ పైన `<html lang="en">` అని ఉందేమో చూసి `te` చేయండి. గూగుల్ ఆ గుర్తు చూసి భాష తేల్చదు, పేజీలో కనపడే మాటలు చూసే తేలుస్తుంది. కానీ స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో దాన్ని బట్టి ఎంచుకుంటుంది, ఇంగ్లీష్ గొంతుతో తెలుగు వాక్యం చదివితే వినేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది, ఆన్ చేసి మీ పేజీ మీరే ఒకసారి వినండి. ఎట్లా ఆపాలో ముందు తెలుసుకుని ఆన్ చేయండి, లేకపోతే ఫోన్ మాట వినదు.

వర్డ్‌ప్రెస్‌లో ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మీడియా లైబ్రరీలో ఆల్ట్ మార్చి సేవ్ కొడితే, అంతకుముందే పోస్టులో పెట్టేసిన ఫొటోకి అది మారదు, ఫొటో పెట్టిన రోజున ఉన్న ఆల్ట్ పోస్టులో కాపీ అయిపోయి ఉంటుంది. కొత్తగా పెట్టే ఫొటోలకీ, ఫీచర్డ్ ఇమేజ్‌కీ మాత్రం లైబ్రరీలో మార్చింది వస్తుంది. కాబట్టి లైబ్రరీలో మార్చి చేతులు దులుపుకోకుండా ఒక్కో పేజీ తెరిచి, ఫొటో మీద రైట్ క్లిక్ చేసి, కోడ్‌లో పాత కీవర్డుల వరస ఇంకా అట్లాగే ఉందేమో చూసుకోండి.